పైకప్పు మీది పేరు: సోలార్‌స్క్వేర్, ఫ్రేయర్

ఇళ్లపైన సోలార్ ప్యానెళ్లు బిగించే సంస్థల్లో పేరు పెట్టడంలో ఎదురెదురు దారులు పట్టినవి రెండున్నాయి. ఒకటి ముంబై సంస్థ సోలార్‌స్క్వేర్, రెండోది 2014లో హైదరాబాదులో మొదలైన ఫ్రేయర్ ఎనర్జీ.

సోలార్‌స్క్వేర్‌లో రెండు మాటలూ అందరికీ తెలిసినవే. 'స్క్వేర్' అనగానే మనకు చదరపు అడుగులు తడతాయి. ఒక కిలోవాట్‌కు నీడ పడని జాగా సుమారు వంద చదరపు అడుగులు కావాలి గనక ఈ పని డాబాను టేపుతో కొలవడంతోనే మొదలవుతుంది. ఆ కొలత పేరులోనే వినిపించడం వల్ల 'ఫోటోవోల్టాయిక్' లాంటి బరువైన మాట లేకుండానే పనితనం మీద నమ్మకం కలుగుతుంది. సంస్థ ఉద్దేశం ఏమైనా, నాకు ఆ పేరు అలాగే పలుకుతుంది.

ఫ్రేయర్ ఉత్తర ఐరోపా పురాణాల్లో ఎండావానలకు దేవుడు. భావం చక్కనిదే, కానీ మన చెవికి అందదు. పక్కింటివాళ్లు చెబితే విన్న మనిషి Freyr అని సరిగా టైపు చేయగలడా? సూర్యఘర్ పథకంలో పోర్టల్‌లోని జాబితా నుంచే విక్రేతను ఎంచుకోవాలి. అక్కడ అక్షరం తప్పితే సంస్థ దొరకదు.

అయితే ఏళ్లు గడిచాక తూకం మారుతుంది. ప్యానెళ్లకు సాధారణంగా పాతికేళ్ల హామీ ఉంటుంది, ఇన్వర్టర్ అంతకాలం రాదు. ఎనిమిదో ఏట అది ఆగిపోయి, యజమాని 'సోలార్ ఏదో' అని వెతికితే డజన్ల కొద్దీ పేర్లు వస్తాయి. పైగా సరుకును వర్ణించే మాటను, వాడుకలో ప్రత్యేకత సంపాదిస్తే తప్ప, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ఒక్కరికే రాసివ్వదు. ఈ రెండు చోట్లా ఫ్రేయర్‌దే పైచేయి.

మరి గుంటూరులో కొత్తగా దుకాణం తెరిచేవాళ్లు ఏం పెట్టుకోవాలి? ప్యానెళ్లు దక్షిణానికి వాలుస్తాం కాబట్టి 'దక్షిణ్ సోలార్' సాంకేతికంగా నిజమైన పేరే. కానీ దక్షిణముఖం ఇల్లంటేనే వెనకాడే ఊళ్లో అది మొదటి మాటకే అడ్డుపడుతుంది. 'డాబా సోలార్' అంటే హైవే భోజనం గుర్తొస్తుంది. చివర 'టెక్', 'సొల్యూషన్స్' తగిలిస్తే పేరు పొడుగవుతుందే తప్ప పని కనపడదు.

నేనైతే 'నిట్టాడి సోలార్' వైపు మొగ్గుతాను. నిట్టాడి ఇంటికప్పును మోసే నడిమి స్తంభం. పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు, పట్నం కుర్రాళ్లకు ఒక్కసారి చెప్పాలి. Nittadi అని విన్నట్టే రాసుకోవచ్చు. 'సోలార్' ఏం పనో చెబుతుంది, 'నిట్టాడి' ఎవరిదో చెబుతుంది. ఈ పేరు పెట్టుకున్నాక ప్యానెళ్ల కింది ఇనుప చట్రంలో పొదుపు చేయడానికి వీల్లేదు. చట్రానికి జింకు పూత పలచనైతే సముద్రపు గాలికి బోల్టుల దగ్గర తుప్పు మొదలవుతుంది, తుపాను గాలికి ముందు ఊగేది అక్కడే. ఆ ఫిర్యాదు వచ్చిన రోజు మామూలు 'పవర్‌టెక్' కన్నా ఈ పేరుకే ఎక్కువ దెబ్బ.