నల్లడబ్బా వెనకున్న మూడు పొరలు

స్కాన్ చేసిన పాత పుస్తకాన్ని ఫోన్‌లో తెరిస్తే, ఒక్కోసారి పేజీ ఉండాల్సిన చోట నల్లడబ్బా కనిపిస్తుంది. అదే ఫైలు కంప్యూటర్‌లో అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. ఫైలు పాడైందనుకుని చాలామంది తీసిపారేస్తారు. కానీ ఆ నలుపును కాస్త ఓపిగ్గా చూస్తే, ఆ పేజీని కట్టినవాళ్ల పనితనం బయటపడుతుంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరున్న స్కాన్ల నుంచి తయారుచేసే పీడీఎఫ్‌లనే తీసుకుందాం. వాటిలో పేజీ అంటే ఒకే ఫొటో కాదు, మూడు పొరలు. అడుగున కాగితం: దాని పసుపు, మరకలు, మడతలు. కాగితానికి సూక్ష్మమైన వివరం అక్కర్లేదు గనక దీన్ని బాగా కుదించి పెడతారు. దానిమీద సిరా పొర: అక్షరాల రంగు మాత్రమే ఉంటుంది, ఆకారం ఉండదు. ఆ ఆకారం మూడో పొరలో, అంటే మాస్కులో ఉంటుంది. లారీల మీద నంబర్లు రాయడానికి వాడే చిల్లుల రేకు లాంటిదది. చిల్లు ఉన్నచోటే సిరా దిగుతుంది, మిగతాచోట కాగితం కనిపిస్తుంది. మాస్కులో ఒక్కో చుక్కకు ఒకే ఒక్క బిట్ చాలు. అందుకే ‘క్ష్మ’ కింద ఒత్తు అంచు కూడా పదునుగా నిలుస్తుంది, అయినా ఫైలు చిన్నదిగానే ఉంటుంది.

నాకు మరీ నచ్చేది సిరా పొరలో చేసే పని. అక్షరాలు లేని చోట ఆ పొరలో ఏమున్నా మాస్కు కప్పేస్తుంది, ఎవరికీ కనపడదు. ఆ ఖాళీల్లోకి పక్కనున్న సిరా రంగునే పరుస్తారు. అంచులు లేని రంగును కుదించడం తేలిక గనక అదంతా అతి తక్కువ చోటులో ఇమిడిపోతుంది.

ఇప్పుడు ఫోన్‌లోని చిన్న వ్యూయర్‌కు మాస్కు చదవడం రాలేదనుకోండి. రేకు లేకుండానే సిరా మొత్తం పేజీ మీద పడుతుంది. అదే నల్లడబ్బా. స్క్రీన్ వెలుతురు పెంచి చూస్తే అది పూర్తి నలుపు కాదని తెలుస్తుంది: కొంచెం గోధుమరంగు, అక్కడక్కడా మబ్బులు, శీర్షిక ఎర్రసిరాతో అచ్చయిన చోట ఎర్రటి మచ్చ. ఇలా కనిపిస్తే తప్పు మాస్కుదే. మచ్చలేని చిక్కటి నలుపైతే కథ వేరు. బొమ్మను విప్పడం మధ్యలో ఆగిపోయి, దానికోసం కేటాయించిన మెమరీ సున్నాలతోనే మిగిలిందన్నమాట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సున్నా అయితే నలుపే. పసుపు కాగితం వచ్చి అక్షరాలు రాకపోతే సిరా పొర పోయింది. అక్షరాలుండి వెనక తెల్లగా ఉంటే కాగితం పోయింది.

అనుమానం తీర్చుకోవడానికి కంప్యూటర్‌లో పాప్లర్‌తో వచ్చే చిన్న ఆజ్ఞ ఉంది. పన్నెండో పేజీని అడుగుదాం:

```
pdfimages -list -f 12 -l 12 book.pdf
```

ఇలాంటి పేజీకి వచ్చే జవాబులో మనకు కావలసిన నిలువు వరుసలు ఇలా ఉంటాయి:

```
type   width height color comp bpc enc
image    550    850 rgb     3   8  jpx
image   1650   2550 rgb     3   8  jpx
smask   1650   2550 gray    1   1  jbig2
```

వరుసగా కాగితం, సిరా, మాస్కు. చివర ఉన్న `jpx` అంటే జేపెగ్ 2000. పీడీఎఫ్‌లోకి జేబిగ్2, పారదర్శక మాస్కులు 2001లో వెర్షన్ 1.4తోనూ, జేపెగ్ 2000 రెండేళ్ల తర్వాత 1.5తోనూ వచ్చాయి. మామూలు జేపెగ్‌ను విప్పే పనిముట్టు ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. జేబిగ్2కూ జేపెగ్ 2000కూ మాత్రం చాలాచోట్ల వ్యూయర్ రాసినవాళ్లు విడిగా డీకోడర్ చేర్చుకోవాలి. మెసేజీ యాప్‌లోనే తెరుచుకునే తేలికపాటి వ్యూయర్లలో కొన్ని ఆ పని చెయ్యవు.

డీకోడర్ ఉన్నా మెమరీ చాలకపోవచ్చు. పై సిరా పొరలో చుక్కలు దాదాపు 42 లక్షలు. జేపెగ్ 2000కు విరివిగా వాడే ఓపెన్‌జేపెగ్, పని జరుగుతున్నంతసేపూ ఒక్కో రంగు విలువకు 4 బైట్లు తీసుకుంటుంది. అంటే చుక్కకు 12, మొత్తం పొరకు 50 మెగాబైట్లు. కంప్యూటర్‌కు అది లెక్కలోకే రాదు. ఫోన్‌లో ఒక్కో యాప్‌కు హద్దు ఉంటుంది, పైగా వ్యూయర్ పక్క పేజీలను కూడా ముందే విప్పిపెడుతుంది. అందుకే మొదటి పేజీలు బాగా వచ్చి, వేగంగా తిప్పుతుంటే మధ్యలో ఖాళీలు మొదలైతే మెమరీనే అనుమానించాలి.

అన్నిటికన్నా తేలికైన మందు మరో వ్యూయర్. అది కుదరనప్పుడు గోస్ట్‌స్క్రిప్ట్‌తో ఫైలును పాత వెర్షన్‌కు దించవచ్చు:

```
gs -sDEVICE=pdfwrite -dCompatibilityLevel=1.3 -r300 -o phone.pdf book.pdf
```

1.3లో పారదర్శకత లేదు కాబట్టి మూడు పొరలూ కలిసి ఒకే బొమ్మవుతాయి. `-r300` తప్పకుండా పెట్టాలి, లేకపోతే అంగుళానికి 720 చుక్కల చొప్పున గీసి ఫైలును కొండంత చేస్తుంది. పెట్టినా ఫైలు పెరుగుతుంది, అక్షరాల అంచులు కొద్దిగా మసకబారుతాయి, పదాలు వెతకడానికి పేజీ వెనక దాచిన కనపడని అక్షరాల పొర కూడా పోతుంది. కాబట్టి మూడు పొరల అసలు ఫైలును దాచుకుని, ఈ నకలును ఆ ఫోన్‌కు మాత్రమే పంపడం మంచిది.