కుతూహలం ప్రజాప్రయోజనం కాదు

2018 జులైలో అమెరికాలో, విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అపరిచితుల సంభాషణను వెనకసీటు ప్రయాణికురాలు విని, ఫొటోలతో సహా ట్విటర్‌లో వరసగా రాసింది. ముఖాలు కనపడకుండా గీతలు కొట్టింది. లక్షలమంది దాన్ని ప్రేమకథగా చదివారు. నేనూ అలాగే చదివి, ముగింపు కోసం ఎదురుచూశానని ఒప్పుకోవాలి.

ఆ ముగింపు కోసమే జనం ఆ స్త్రీ ఎవరో వెతికి పట్టుకున్నారు. గీతలు ఆమెను కాపాడలేదు. పురుషుడు టెలివిజన్‌లో మాట్లాడాడు, ఆమె రానన్నది. ఇందుకు తన సమ్మతి లేదనీ, తనను అవమానించి వేధించారనీ లాయరు ద్వారా ప్రకటించింది. రాసినామె క్షమాపణ చెప్పింది.

ఇలాంటప్పుడు పత్రికలు చెప్పే సమర్థన ఒకటుంది: "అప్పటికే అందరికీ తెలిసిపోయింది కదా!" ఈ వాదన నిలవదు. పదిమంది నోట నలిగిన విషయాన్ని పత్రిక అచ్చువేస్తే అది మళ్ళీ చేసిన కొత్త పని. దాని బాధ్యత పత్రికదే.

మరి గీటురాయి ఏది? వార్తలోంచి ఆ మనిషి పేరూ ముఖమూ తీసేసి చూడాలి. లాఠీ ఎత్తిన పోలీసు అధికారి పేరు తీసేస్తే, జవాబు చెప్పవలసినవాడు తప్పించుకుంటాడు. ఈమె పేరు తీసేస్తే ప్రజలు కోల్పోయేది ఏమీ లేదు, కుతూహలం తప్ప.

మనమూ జీవితం నుంచే వస్తువు తీసుకుంటాం. అయితే కథకుడు పేరూ ఊరూ మారుస్తాడు. అది శిల్పం కోసమే కాదు. ఆ మనిషి రేపు వీధిలో తలెత్తుకు నడవాలి గనక.