మీటర్లు సెంటీమీటర్లుగా మారితే రిగ్రెషన్‌లో ఏం మారుతుంది?

ఒకే డేటాను ఇద్దరు తీసుకున్నారనుకుందాం. ఒకరు ఎత్తును మీటర్లలో పెట్టి రిగ్రెషన్ చేస్తే వాలు 61.61 వచ్చింది. ఇంకొకరు సెంటీమీటర్లలో పెడితే 0.6161 వచ్చింది. రెండో అంకె ఒక్కటే చూసినవాళ్లు ఎత్తుకూ బరువుకూ పెద్ద సంబంధం లేదనుకునే ప్రమాదం ఉంది. నిజానికి రెండు అంకెలూ చెబుతున్న విషయం ఒక్కటే.

ఈ లెక్కను ఎవరైనా చేసి చూసుకోవచ్చు. R సాఫ్ట్‌వేర్‌తో పాటే women అనే చిన్న పట్టిక వస్తుంది. 30 నుంచి 39 ఏళ్ల అమెరికన్ మహిళల్లో ఒక్కో ఎత్తుకు సగటు బరువు ఎంతో అందులో ఉంటుంది. మొత్తం 15 వరుసలు. ఎత్తు అంగుళాల్లో, బరువు పౌండ్లలో ఉంటాయి కాబట్టి ముందు వాటిని మీటర్లు, కిలోలుగా మార్చాలి.

```
h <- women$height * 0.0254
w <- women$weight * 0.45359237
summary(lm(w ~ h))
summary(lm(w ~ I(100 * h)))
```

మీటర్లలో వాలు 61.61, దాని స్టాండర్డ్ ఎర్రర్ 1.628. సెంటీమీటర్లలో వాలు 0.6161, స్టాండర్డ్ ఎర్రర్ 0.01628. రెండూ సరిగ్గా నూరో వంతుకు తగ్గాయి. ఇంటర్‌సెప్ట్ మాత్రం రెండుచోట్లా −39.70 దగ్గరే ఉంది, దాని స్టాండర్డ్ ఎర్రర్ 2.693 కూడా కదల్లేదు.

వాలు ఎందుకు తగ్గిందో తేలిగ్గానే తెలుస్తుంది. ఎత్తు ఒక యూనిట్ పెరిగితే సగటు బరువు ఎన్ని కిలోలు పెరుగుతుందో వాలు చెబుతుంది. మీటరు ఎత్తు తేడాకు 61.61 కిలోలైతే, అందులో నూరో వంతైన సెంటీమీటరుకు 0.6161 కిలోలే కదా. 1.60 మీటర్ల ఎత్తుకు అంచనా వేసినా, 160 సెంటీమీటర్లకు వేసినా వచ్చే బరువు 58.88 కిలోలే.

స్టాండర్డ్ ఎర్రర్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. గీత నుంచి బిందువులు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ ఈ డేటాలో 0.69 కిలోలు. అది బరువు వైపు కొలత, కాబట్టి ఎత్తు యూనిట్ మారినా దానికి ఏమీ కాదు. వాలు స్టాండర్డ్ ఎర్రర్ రావాలంటే ఈ 0.69ని, ఎత్తులకు వాటి సగటు నుంచి ఉన్న తేడాల వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి, దానితో భాగించాలి. ఆ మొత్తం మీటర్లలో 0.1806, సెంటీమీటర్లలో 1806. పదివేల రెట్లు పెరిగిన మొత్తానికి వర్గమూలం నూరు రెట్లే పెరుగుతుంది. భాగించే సంఖ్య నూరు రెట్లయింది గనుక స్టాండర్డ్ ఎర్రర్ నూరో వంతైంది. వాలూ అంతే తగ్గింది కాబట్టి రెండింటి నిష్పత్తి, అంటే t విలువ, 37.85 దగ్గరే నిలిచింది. p విలువ, R², రెసిడ్యువల్స్ కూడా మారవు. ఈ డేటాలో అసలు సంబంధం కొంచెం వంపు తిరిగి ఉంటుంది, రెసిడ్యువల్స్ గీసి చూస్తే ఆ వంపు తెలుస్తుంది. యూనిట్ మార్చినంత మాత్రాన అది పోదు.

ఇంటర్‌సెప్ట్ ఎందుకు కదల్లేదు? ఎత్తు సున్నా అయినచోట గీత చెప్పే బరువు అది. సున్నా మీటర్లన్నా సున్నా సెంటీమీటర్లన్నా ఒకే చోటు. అయితే −39.70 కిలోల బరువుకు అర్థం లేదు, ఈ పట్టికలో అతి తక్కువ ఎత్తే 147 సెంటీమీటర్లు. సున్నా ఉన్న చోటును జరిపితేనే ఇంటర్‌సెప్ట్ మారుతుంది. ప్రతి ఎత్తులోంచి సగటు ఎత్తు 165.1 సెంటీమీటర్లు తీసేసి మళ్లీ లెక్కిస్తే ఇంటర్‌సెప్ట్ 62.02 అవుతుంది, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.18కి దిగుతుంది. అది సగటు ఎత్తున్నవాళ్ల బరువు, అర్థమున్న అంకె. వాలు, దాని స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఈ జరుపుడుకు చలించవు.

అసలు ఇబ్బంది అంకెలను కుదించి రాసేటప్పుడు వస్తుంది. నివేదికల్లో అన్నిటికీ రెండే దశాంశ స్థానాలు ఉంచడం చాలామందికి అలవాటు. అప్పుడు సెంటీమీటర్ల వాలు 0.62, స్టాండర్డ్ ఎర్రర్ 0.02 అని అచ్చవుతాయి. చదివేవాళ్లు ఒకదాన్ని మరోదానితో భాగిస్తే t 31 వస్తుంది, అసలుది 37.85. సగటు ఎత్తుకు అంచనా కూడా 62.02కు బదులు 62.66 కిలోలకు పోతుంది. ఈ 0.64 కిలోల తేడా దాదాపు రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ అంత ఉంది. మీటర్లలో అయితే అవే రెండు దశాంశాలు చక్కగా సరిపోతాయి.

ఇంకో హద్దు కూడా ఉంది. ఇక్కడ చెప్పినదంతా మామూలు కనిష్ఠ వర్గాల పద్ధతికి వర్తిస్తుంది. రిడ్జ్, లాసో పద్ధతులు గుణకం పరిమాణాన్ని బట్టే పెనాల్టీ వేస్తాయి. ఒకే పెనాల్టీ ఉంచి యూనిట్ మారిస్తే 61.61 మీద పడే భారం వేరు, 0.6161 మీద పడేది వేరు, అంచనాలే మారిపోతాయి. అందుకే వాటికి ముందు చలరాశులను ప్రామాణీకరించుకోవాలి.

మీరు రిగ్రెషన్ పట్టిక అచ్చు వేసేటప్పుడు ప్రతి వాలు పక్కనా "సెంటీమీటరుకు కిలోలు" అన్నట్టు యూనిట్ రాయండి, దశాంశాలు ఎన్ని ఉంచాలో స్టాండర్డ్ ఎర్రర్‌ను చూసి నిర్ణయించండి.