తిరగేసి చదవాల్సిన నాలుగు బైట్లు

మెమరీ డంప్‌లోని ఒక పూర్ణాంకాన్ని కాగితం మీద లెక్కగట్టి చదివాక, చదివింది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవాలంటే విలువ ముందే తెలిసిన సంఖ్య చేతిలో ఉండాలి. సున్నా ఇందుకు పనికిరాదు. దాన్ని ఎటు నుంచి చదివినా సున్నాయే వస్తుంది. బైట్లు ఒకదానికొకటి తేడాగా ఉండే సంఖ్య కావాలి. నంద్యాల పిన్ కోడ్ 518501, ఆళ్లగడ్డది 518543. ఈ పనికి రెండూ బాగా సరిపోతాయి. ఈ రెంటినీ సి భాషలో 32 బిట్ల పూర్ణాంకాల వరుసగా పెట్టి, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మామూలు కంప్యూటర్‌లో మెమరీ తెరిస్తే కనిపించేది ఇది:

```
65 e9 07 00 8f e9 07 00
```

లిటిల్ ఎండియన్ పద్ధతిలో విలువ తక్కువున్న బైటు ముందు చిరునామాలో కూర్చుంటుంది. కాబట్టి మొదటి నాలుగు బైట్లను చివరి నుంచి మొదటికి చదవాలి: 0007e965. తిరగేసేది బైట్లనే, అంకెలను కాదు. 65 అనేది 65గానే ఉండాలి, 56 కాకూడదు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇక లెక్క. హెక్సాడెసిమల్ 65 అంటే 101, e9 అంటే 233, 07 అంటే 7. 101కి 233 × 256, అంటే 59648 కలిపి, దానికి 7 × 65536, అంటే 458752 కలిపితే 518501 వస్తుంది. అది నంద్యాల.

ఇదే కూడికను మళ్లీ వేసి చూసుకోవడం నిర్ధారణ కాదు. మొదటిసారి జరిగిన పొరపాటే రెండోసారీ జరగవచ్చు. ఎదురు దిక్కున నడవాలి: సంఖ్య నుంచి బైట్లకు. 518501ని 256తో భాగిస్తే భాగఫలం 2025, శేషం 101. 2025ని భాగిస్తే 7, శేషం 233. 7ని భాగిస్తే 0, శేషం 7. నాలుగోసారి శేషం 0. శేషాలు వచ్చిన వరుస 101, 233, 7, 0. హెక్సాడెసిమల్‌లో రాస్తే 65 e9 07 00. డంప్‌లో ఉన్న వరుస అచ్చంగా ఇదే, ఏదీ తిరగేయనక్కర్లేదు. లిటిల్ ఎండియన్‌ను సరిచూడడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

రెండో సాక్ష్యం పక్కనే ఉంది. ఆళ్లగడ్డ సంఖ్య నంద్యాల కంటే 42 ఎక్కువ. డంప్‌లో రెండింటి మధ్య మారింది మొదటి బైటు ఒక్కటే: 65 పోయి 8f వచ్చింది. 143లోంచి 101 తీసేస్తే 42. చిన్న తేడా మొదటి చిరునామాలోనే పడిందంటే తక్కువ విలువ బైటు అక్కడే ఉన్నట్టు.

ఆఖరున యంత్రాన్ని అడగవచ్చు. అడిగేటప్పుడు వరుసను స్పష్టంగా చెప్పాలి. పైథాన్‌లో `<` గుర్తు లిటిల్ ఎండియన్‌ను సూచిస్తుంది:

```
import struct
struct.unpack('<I', bytes.fromhex('65e90700'))
```

జవాబు `(518501,)`. కానీ డంప్ చూపించే పనిముట్టే మోసం చేసే సందర్భం ఒకటుంది. ఏ ఐచ్ఛికమూ ఇవ్వకుండా `hexdump` నడిపితే అది రెండేసి బైట్లను ఒక సంఖ్యగా కలిపి `e965 0007` అని చూపిస్తుంది. ఒకసారి తిరగబడిన దాన్ని మనిషి మళ్లీ తిరగేస్తే లెక్క పోయినట్టే. `hexdump -C` గానీ `xxd` గానీ వాడితే బైట్లు ఉన్న వరుసలోనే కనిపిస్తాయి.

తప్పు చదువు ఎప్పుడూ వింతగా కనిపిస్తుందనుకోవడం కూడా ప్రమాదమే. 65 e9 07 00ను తిరగేయకుండా చదివితే 1709770496 వస్తుంది. యునిక్స్ లెక్కన దాన్ని సమయంగా తీసుకుంటే 2024 మార్చి 7, మన గడియారంలో తెల్లవారి 5 గంటల 44 నిమిషాలు. పిన్ కోడ్‌ను తారీఖుగా నమ్మేయడానికి ఇంతకంటే ఏం కావాలి! ఒక బైటు ఆలస్యంగా మొదలుపెడితే మాత్రం తప్పు దాగదు: e9 07 00 8f అనేది 2399143913 అవుతుంది. గుర్తు ఉన్న పూర్ణాంకంగా చదివితే అది రుణ సంఖ్య.

ఈ పరీక్షలన్నీ విలువ ముందే తెలిసినప్పుడు పనిచేస్తాయి. తెలియనప్పుడు బైట్లను ఎంత చూసినా అవి ఏ వరుసలో రాశారో చెప్పవు. ఆ ప్రాసెసర్ వివరాలో, ఆ ఫైలు రూపం నియమాలో చూడాల్సిందే. ఇంటర్నెట్ ప్యాకెట్ శీర్షికల్లో సంఖ్యలు బిగ్ ఎండియన్ వరుసలో వెళతాయి. అదే నియమంతో పంపితే నంద్యాల 00 07 e9 65గా వస్తుంది, అప్పుడు పైథాన్‌లో `<` బదులు `>` రాయాలి.