చుక్క తర్వాత ఇరవై

సమీక్షించడానికి నా దగ్గర పుస్తకం లేదు, ఒక్క వాక్యం ఉంది: “విస్తీర్ణం 2.20, గడువు 03/04/2025.” పొలం వివరాలు అడిగినవాళ్లకి జవాబుగా వెళ్లే మెసేజ్ ఇది. పంపే ప్రోగ్రాం రాసింది నేనే, కాబట్టి తిట్లు కూడా నాకే.

మార్చి చివర్లో ఇది ఖానాపురం హవేలిలో ఉన్న మా బాబాయికి వచ్చింది. ఆయనకి ఏ తికమకా లేదు: రెండెకరాల ఇరవై గుంటలు, ఏప్రిల్ మూడు. డల్లాస్‌లో ఉన్న చెల్లెలికి ఫార్వర్డ్ చేస్తే, “నాన్నా, గడువు మార్చి నాలుగునే అయిపోయింది గదా!” అని ఫోన్. బావది విజయవాడ, ఆయన చదివింది రెండెకరాల ఇరవై సెంట్లు.

ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. అంటే బాబాయి 2.20 అసలు రెండున్నర ఎకరాలు. బావ లెక్కలో 30 సెంట్లు, 1,452 చదరపు గజాలు, మాయమయ్యాయి.

ఈ తప్పు టెస్టింగులో ఎందుకు దొరకలేదంటే, నేను వాడిన నమూనాలు 3.00, 25/12/2024. మూడెకరాలు ఎలా చదివినా మూడే. ఇరవై ఐదో నెల లేదు. చుక్క తర్వాత 39 దాటితే అవి గుంటలు కావని తెలిసిపోతుంది, 12 దాటితే అది నెల కాదని తెలిసిపోతుంది. చిన్న అంకెలే నోరు విప్పవు.

యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ పట్టికలో, ప్రాంతం చెప్పకుండా తెలుగు అంటే ఇండియా అనుకుంటారు: రోజు ముందు, లక్షల దగ్గర కామా, అంకెలు 0-9. అంకెల విషయంలో నాకు పేచీ లేదు. ౨.౨౦ అని పంపితే బాబాయే చదవలేడు. కానీ ఇండియా అన్న గుర్తుకి గుంటకీ సెంటుకీ తేడా తెలియదు. రాష్ట్రం పట్టుకున్నా లాభం లేదు. కూనవరం, చింతూరు 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రకి వెళ్లాయి. పాత కాగితం మీది అంకె వాటితో పాటు మారిపోదు. కొలతని తేల్చేది చదివేవాడి ఫోన్ కాదు, ఆ పొలం రికార్డు. అందుకని రికార్డులో ఉన్నది ఉన్నట్టు పేరుతో రాసి, పక్కన ఎకరాల్లో చెప్పాలి. నెలని అక్షరాల్లో రాస్తే చదివేవాడి ఊరు ఊహించే పనే ఉండదు.

“విస్తీర్ణం 2 ఎకరాల 20 గుంటలు (2.5 ఎకరాలు). గడువు 3 ఏప్రిల్ 2025.”

పొడుగైంది, ఖర్చు పెరుగుతుందన్నారు టీంలో. తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదానికి 70 క్యారెక్టర్లు. గుణింతాలూ పొల్లులూ విడిగా లెక్కకొస్తాయి. కూర్చుని లెక్కపెట్టా, 64. సెప్టెంబర్, రెండంకెల తేదీ, 21 గుంటలు (అప్పుడు 2.525) అన్నీ కలిస్తే సరిగ్గా 70. పదెకరాలు దాటిన ఆసామికి పట్టకపోతే బ్రాకెట్ తీసేస్తాం, గుంటలు మాత్రం తీయం.