సవరానికి రంగు వేసే ముందు

వేములవాడ రాజన్నకు మొక్కిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. మరోవైపు, దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు మన ఊళ్లలో తిరుగుతుంటారు. సవరాలు రెండింటితోనూ తయారవుతాయి. కానీ రంగు దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకటి కావు.

పొడవాటి జుట్టును ముడేసి గుండు చేస్తే కుదుళ్లన్నీ ఒకవైపే ఉంటాయి. చిక్కు వెంట్రుకల్లో కుదుళ్లూ కొసలూ కలిసిపోతాయి. వెంట్రుక మీది సన్నని పొలుసులు ఎదురెదురై ఒకదానికొకటి చిక్కుకుంటాయి. అందుకే ఆ పొలుసులను యాసిడ్‌తో తీసేసి, పైన సిలికాన్ పూస్తారు. షాపులో నిగనిగలాడే ఆ సవరం నాలుగు తలస్నానాలకే పీచుబారుతుంది.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన మా వదిన మూడు సవరాలు ముందు పెట్టింది. "ఇది బొగ్గులెక్క నల్లగుంది, కొంచెం ఎర్రగ చెయ్యరాదు?" అంది మొదటిది చూపించి. అది ముందే నల్లరంగు వేసినది. రంగు మీద రంగు వేస్తే ముదురుతుందే తప్ప తేలిక కాదు. తేలిక కావాలంటే బ్లీచ్ పెట్టాలి. లోపలి వరుసలో చిన్న పాయ కత్తిరించి పరీక్ష చేశాను. తడిగా ఉన్నప్పుడు లాగితే రబ్బరులా సాగింది, మళ్లీ వెనక్కి రాలేదు. అది యాసిడ్ తిన్న వెంట్రుక. బ్లీచ్ ఆలోచనను అక్కడితో మానుకున్నాను.

రెండోది పాతబడి గోధుమరంగుకు తిరిగిన అసలు వెంట్రుక. దీన్ని నలుపు చేయడం సాధ్యమే. నూనె, సిలికాన్ పోయేలా షాంపూతో కడిగి పూర్తిగా ఆరబెట్టాం. పొలుసు అరిగిన వెంట్రుక రంగును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి కావలసినదానికంటే ఒక ఛాయ తక్కువ రంగు తీసుకున్నాను. డెవలపర్ 3 శాతందే వాడాను, ముదురు చేయడానికి అది చాలు. ప్లాస్టిక్ షీటు మీద పరిచి, కుట్టుకు తగలకుండా బ్రష్‌తో పట్టించి, మధ్యమధ్య ఒక పాయ తుడిచి చూసుకున్నాం. తలకుండే వేడి సవరానికి ఉండదు, అందుకే రంగు నిదానంగా పడుతుంది. తొందరపడి డ్రయ్యర్ పెట్టకూడదు. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపొద్దు, లేకపోతే మిగిలిన రంగు మెడకు అంటి దురద పెడుతుంది.

మూడోదాని నుంచి ఒక్క పోగు తీసి, పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల చూపించాను. అసలు వెంట్రుకైతే కమురు వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. ఇది కరిగి గట్టి పూస కట్టింది. ప్లాస్టిక్ పోగు. జుట్టు రంగు లోపలికి వెళ్లడానికి ఇందులో దారి లేదు. పైన అంటుకున్నదంతా చెమటకు జాకెట్టు మీదికి దిగుతుంది. పాలిస్టర్ బట్టలకు వాడే రంగు కొన్ని పోగులకు పడుతుంది గానీ, దానికి దాదాపు మరిగే నీళ్లు కావాలి. ఆ వేడికి పోగు ముడుచుకుపోవచ్చు. బ్లీచ్ పెట్టినా రంగు తగ్గదు, ఎందుకంటే ఆ రంగు పోగు తయారయ్యేటప్పుడే అందులో కలిసింది.

వదిన దాన్ని అలాగే ఉంచుకుంది. ఇకమీదట అలాంటిది కొనేటప్పుడు జడ కొసను షాపు బయట ఎండలో సవరం పక్కన పెట్టి చూడమన్నాను. ట్యూబ్‌లైటు కింద కలిసినట్టు కనిపించే రెండు నలుపులు ఎండలో వేరుగా కనిపిస్తాయి.