ప్రూఫు దిద్దే చెయ్యి

“ప్రూఫులు చూసి పెట్టండి” అని కట్ట చేతిలో పెడితే, మంచి ప్రూఫ్ రీడర్ వెంటనే పెన్ను తీయడు. “అచ్చుతప్పులేనా సార్, వాక్యాలు కూడా చూడాలా? పేర్లు, తేదీలు సరిచూడాలా?” అని అడుగుతాడు. మొదటి రెండు పేజీలు దిద్ది రచయితకు చూపిస్తాడు. ఎంతవరకు దిద్దాలన్నది అక్కడే తేలిపోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ అడగడమే.

జనగామ ప్రాంత చరిత్ర మీద ఒక పుస్తకం వచ్చిందనుకుందాం. అందులో 1946లో దొడ్డి కొమరయ్య అమరుడైన కడవెండి “నల్లగొండ జిల్లా”లో ఉందని రాసి ఉంది. అక్షరాలు చూసేవాడికి అందులో తప్పేమీ కనబడదు. విషయం చూసేవాడు మాత్రం ఆగాలి. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, కానీ ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే. కాబట్టి ఆనాటి మాటగా ఆ వాక్యం సరైనదే, కొట్టేస్తే చెడుతుంది. మేడారాన్ని “భూపాలపల్లి జిల్లా” అన్న వాక్యమూ అంతే. 2018 జాతర గురించైతే ఒప్పు. 2019లో ములుగు జిల్లా ఏర్పడ్డాక తప్పు.

అచ్చుతప్పుల వరకే ఒప్పుకున్నవాడు ఇలాంటివి దిద్దడు, అలాగని వదిలేయడు. పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి “ఏ ఏటి సంగతి?” అని రాస్తాడు. అలాగే పుస్తకంలో ఒక మహబూబాబాద్ రైతు మాటలుంటే, వాటిలోని “పోయిండు”ను “పోయాడు” చేయడు. అది తప్పు కాదు, ఆ మనిషి గొంతు.

ప్రూఫులు ఇచ్చేటప్పుడు ఏం చూడాలో ఒక్క వాక్యం రాసివ్వండి.